సులేమానీ చాయ్, మూత్రపిండంలో రాయి

పోయిన సంవత్సరం షవ్వాల్ మాసంలో, ఎండలు ముదిరిన రోజులలో, ఒకనాటి రాత్రి రెండు గంటల వేళ రాయచోటి నుంచి మా ఆపా ఫోను చేశారు. దుల్హాభాయ్‌కి నడుము ఎడమవైపున మొదలైన నొప్పి ముందుకు దిగి గజ్జల దాకా పాకుతున్నదనీ, ఏ పక్కకు తిరిగినా నిలువలేకపోతున్నారనీ, అప్పటికే రెండుసార్లు వాంతి అయిందనీ చెప్పారు. వైద్యవృత్తిలో ఉన్నవాడికి ఆ మాటలే చాలు. పేగు వాచి కడుపునొప్పి వచ్చినవాడు కదిలితే బాధ పెరుగుతుందని ముడుచుకొని పడుకుంటాడు. మూత్రనాళంలో రాయి ఇరుక్కున్నవాడు మంచం మీద కుదురుగా ఉండలేడు, లేచి తిరుగుతాడు, మళ్ళీ పడుకుంటాడు. జ్వరమూ, వణుకూ ఉన్నాయా అని మాత్రం అడిగాను. లేవన్నారు. ఉండి ఉంటే తెల్లవారే దాకా ఆగవద్దని చెప్పి ఉండేవాడిని. రాయి అడ్డుపడిన మూత్రపిండంలో చీము చేరితే కొన్ని గంటల ఆలస్యం కూడా ప్రాణం మీదికి వస్తుంది.

మరునాడు కడపలో తీయించిన స్కానులో ఎడమ మూత్రనాళంలో 9 మిల్లీమీటర్ల రాయి కనిపించింది. మూత్రం వెనుకకు నిలిచి మూత్రపిండం కొద్దిగా ఉబ్బి ఉన్నది. రక్తంలో క్రియాటినిన్ 1.4కు చేరింది. నాలుగైదు మిల్లీమీటర్ల రాయి చాలామందిలో దానంతట అదే జారిపోతుంది, 9 మిల్లీమీటర్ల రాయి జారిపోయే అవకాశం తక్కువ. అందువల్ల సన్నని గొట్టం పంపి, లేజరుతో రాయిని పగులగొట్టి, ముక్కలను బయటికి తీశారు. ఆ ముక్కలను పారవేయకుండా పరీక్షకు పంపవలసిందిగా ముందే కోరాను. కాల్షియం ఆక్సలేట్ అని నివేదిక వచ్చింది.

ఇది ఆయనకు రెండవ రాయి. పద్నాలుగు నెలల క్రితం పడిన మొదటిది చిన్నది, మూత్రంతోనే పోయింది. ఈ వ్యాసానికి కారణం ఆ రెండు రాళ్ల మధ్య గడచిన పద్నాలుగు నెలల కాలమే.

దుల్హాభాయ్ పద్దెనిమిదేళ్లు దమ్మామ్‌లో ట్రక్కు నడిపి తిరిగి వచ్చినవారు. గల్ఫ్‌కు వెళ్ళిన మనవాళ్లలో చాలామందికి ఉన్నట్లే ఆయనకూ పాలు పోయని సులేమానీ చాయ్ అలవాటు అక్కడే పట్టుకున్నది. అయితే ఇంటికి వచ్చాక ఉదయం పాలచాయ్, భోజనంలో పెరుగు, మధ్యమధ్యలో సులేమానీ, ఇలా అన్నీ కలిసి ఉండేవి. మొదటి రాయి పడినప్పుడు ఎవరో పెద్దమనిషి, “రాయి అంటే కాల్షియమే కదా, పాలూ పెరుగూ మానేయండి, రాయి మళ్ళీ రాదు” అన్నారట. సలహా సబబుగానే తోచింది. ఆనాటి నుంచి ఇంట్లో అందరికీ పాలచాయ్, ఆయనకు మాత్రం నల్లచాయ్. పెరుగు గిన్నె ఆయన ముందు నుంచి తొలగిపోయింది. పైగా, ఎక్కువగా తాగితే మూత్రపిండం శుభ్రపడుతుందన్న నమ్మకంతో ఫ్లాస్కులు రెండయ్యాయి. నీళ్లు తాగాలని ఎవరైనా గుర్తు చేస్తే, “ఇది నీళ్లు కాక మరేమిటి మియా?” అని నవ్వేవారు.

ఆయన ప్రశ్నలో సగం నిజం ఉన్నది. ఆ సగమేమిటో తరువాత చెబుతాను. ముందుగా ఫ్లాస్కులో ఏమున్నదో చూద్దాం.

ఆపా వంటింట్లో మిఠాయిలు తూచే చిన్న త్రాసు ఒకటి ఉన్నది. ఆమె ఎప్పటిలాగే వేసే చాయ్‌పత్తీని దానిమీద పోయమన్నాను. లీటరు నీటికి 20 గ్రాములు తూగింది. దానిని పది నిమిషాలు మరిగించి, వడకట్టి ఫ్లాస్కులో పోస్తారు. రోజుకు అలాంటివి రెండు, అంటే 40 గ్రాముల ఆకు. న్యూజిలాండులో ఆహారశాస్త్రజ్ఞులు నల్ల తేయాకును పరీక్షించినప్పుడు ఒక్కొక్క గ్రాము ఆకు నుంచి సుమారు 5 మిల్లీగ్రాముల ఆక్సలేట్ నీటిలోకి దిగినట్లు తేలింది. ఆ లెక్కన చూస్తే 2 గ్రాముల ఆకుతో చేసుకొనే మామూలు కప్పులో 10 మిల్లీగ్రాములు, దుల్హాభాయ్ రెండు ఫ్లాస్కులలో కలిపి 200 మిల్లీగ్రాములు. ఆకు రకాన్ని బట్టి, మరిగించే సమయాన్ని బట్టి ఇది మారుతుంది. కొన్ని లెక్కలలో ఇంతకు ఎన్నో రెట్లు ఎక్కువగానూ చూపారు.

ఆక్సలేట్ అనేది మొక్కలు తమ ఆకులలో, గింజలలో నిలువ చేసుకొనే ఒక ఆమ్లపు లవణం. పాలకూరలో, బాదంలో, నువ్వులలో, కోకోలో కూడా ఉంటుంది. ఉడికించిన పాలకూర ఒక అరకప్పులోనే అనేక వందల మిల్లీగ్రాములు ఉండవచ్చు. కనుక ఒక్క కప్పు చాయ్‌ని పాలకూరతో పోల్చి భయపడవలసిన పని లేదు. అయితే పాలకూరను రోజుకు పన్నెండుసార్లు ఎవరూ తినరు. ఆకుకూరలోని ఆక్సలేట్‌లో కొంతభాగం అప్పటికే కాల్షియంతో ముడిపడి, కరగని రూపంలో ఉంటుంది. చాయ్‌లోకి దిగినదేమో నీటిలో కరిగినదే, పేగు సులువుగా పీల్చుకోగలిగినదే.

తిన్న ఆక్సలేట్ అంతా రక్తంలోకి పోదు. సాధారణంగా వందకు ఐదు నుంచి పది వంతులు మాత్రమే పేగు గోడను దాటుతుంది. దుల్హాభాయ్ తాగే 200 మిల్లీగ్రాములలో దాటేది 10 నుంచి 20. ఇదేమంత లెక్క అనిపించవచ్చు. కానీ మన కాలేయం కూడా ప్రతిదినం స్వయంగా కొంత ఆక్సలేట్‌ను తయారు చేస్తూ ఉంటుంది. ఆహారం నుంచి వచ్చినది, కాలేయం చేసినది అంతా కలిపి ఆరోగ్యవంతుని మూత్రంలో రోజుకు 40 మిల్లీగ్రాములకు లోపే ఉండాలి. ఆ పైన రాళ్ల ప్రమాదం మొదలవుతుంది. అంటే మిగిలిన చోటే తక్కువ. అందులో 20 మిల్లీగ్రాములు అదనంగా వచ్చి చేరితే గీత దాటినట్లే.

ఇక్కడే పాల సంగతి వస్తుంది. కాల్షియమూ ఆక్సలేట్‌ కలిస్తే కరగని పదార్థం ఏర్పడుతుంది. ఆ కలయిక ఎక్కడ జరిగినదన్నదే అసలు విషయం. పేగులో జరిగితే ఆ ముద్ద మలంతో బయటికి పోతుంది, రక్తానికి గానీ మూత్రపిండానికి గానీ దాని సంగతే తెలియదు. పేగులో కాల్షియం దొరకనప్పుడు ఆక్సలేట్ ఒంటరిగా రక్తంలోకి దాటి, మూత్రపిండానికి చేరి, అక్కడి మూత్రంలో ఉన్న కాల్షియంను వెతుక్కుంటుంది. అప్పుడు ఏర్పడేదే రాయి. పాలూ పెరుగూ మానినవాడు మూత్రపిండాన్ని కాపాడుకోవడం లేదు, పేగు వాకిట్లో ఉన్న కావలివాణ్ణి తీసివేస్తున్నాడు.

ఇది ఊహించి చెబుతున్నది కాదు. అమెరికాలో 45 వేలకు పైగా పురుషులను గమనించి 1993లో ప్రచురించిన అధ్యయనంలో, ఆహారంలో కాల్షియం ఎక్కువగా తీసుకున్నవారికే రాళ్లు తక్కువగా వచ్చాయి. అంతకు ముందు వైద్యులు కూడా రాయి ఉన్నవారికి పాలు మాన్పించేవారు. మా గురువుల తరం అలాగే నేర్చుకున్నది, అలాగే నేర్పింది. 2002లో ఇటలీ వైద్యులు మళ్ళీ మళ్ళీ రాళ్లు పడుతున్న పురుషులను రెండు వర్గాలుగా చేసి, ఒక వర్గానికి కాల్షియం తగ్గించారు. రెండవ వర్గానికి కాల్షియం మామూలుగా ఉంచి, ఉప్పునూ మాంసాన్నీ తగ్గించారు. ఐదేళ్లలో రెండవ వర్గంలో రాళ్లు సుమారు సగానికి తగ్గాయి. కనుక ఆ పెద్దమనిషి సలహా పాతకాలపుది, అంతే. ఆయనను తప్పుపట్టలేము.

చాయ్‌లో పోసే పాలు ఎంత? ఒక కప్పులో 30 మిల్లీలీటర్లు అనుకుందాం. అందులో సుమారు 36 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటుంది. 40 మిల్లీగ్రాముల కాల్షియం 88 మిల్లీగ్రాముల ఆక్సలేట్‌ను పట్టి బంధించగలదు. కప్పులోని 10, 20 మిల్లీగ్రాములకు ఇది చాలినంత. డికాషన్‌ను వేరుగా కాచి, చిక్కగా మరిగిన పాలలో కలిపే హైదరాబాదు ఇరానీ చాయ్‌లో పంచదార విషయం ఎలా ఉన్నా, ఆక్సలేట్ విషయంలో మాత్రం ఫిర్యాదుకు తావు తక్కువ. సులేమానీ తాగేవారికి కూడా మార్గం లేకపోలేదు. భోజనంతో ఒక గిన్నె పెరుగు, ఒక గ్లాసు మజ్జిగ తీసుకుంటే ఆహారంలోని ఆక్సలేట్‌ అక్కడే చిక్కుతుంది. ఒక్క మాట మాత్రం గుర్తుంచుకోవాలి. ఇక్కడ చెబుతున్నది ఆహారంలోని కాల్షియం గురించి. కాల్షియం మాత్రలను పరగడుపున, భోజనానికి సంబంధం లేకుండా మింగితే పేగులో పట్టుకోవడానికి ఆక్సలేట్ ఉండదు, కాల్షియం మాత్రం మూత్రంలో పెరుగుతుంది. ఎముకల కోసం వైద్యుడు మాత్రలు రాసి ఉంటే అన్నంతో పాటు వేసుకోవాలి.

సులేమానీలో పిండే నిమ్మరసానికి కూడా ఒక మేలు ఉన్నది. నిమ్మలోని సిట్రేట్ మూత్రంలోకి చేరి, కాల్షియంను తనవైపు లాగుకొని, స్ఫటికాలు పేరుకోకుండా అడ్డుపడుతుంది. అయితే గ్లాసుకు నాలుగు చుక్కలు పిండితే చికిత్స జరిగిపోతుందని అనుకోవద్దు. ఇదే ధోరణిలో కొందరు విటమిన్ సి మాత్రలు రోజూ 1000 మిల్లీగ్రాముల చొప్పున మింగుతుంటారు. శరీరంలో విటమిన్ సి కొంతభాగం ఆక్సలేట్‌గానే మారుతుంది. రాయి పడినవారు వైద్యుడు చెప్పనిదే వాటి జోలికి పోరాదు.

ఇప్పుడు “ఇది నీళ్లు కాక మరేమిటి” అన్న మాటలోని నిజం. చాయ్ ఒంట్లోని నీటినంతా లాగేస్తుందని చాలామంది నమ్ముతారు. రోజూ తాగే అలవాటున్న వారిలో అది అంతగా జరగదు. చాయ్ కూడా నీటి కిందే లెక్క. అమెరికాలో 80 వేలకు పైగా నర్సులను ఎనిమిదేళ్లు గమనించిన అధ్యయనం 1998లో వెలువడింది. అందులో రోజూ తాగే ఒక్కొక్క కప్పు చాయ్‌కి రాయి పడే అవకాశం పెరగలేదు సరికదా, 8 శాతం తగ్గినట్లు కనిపించింది. ఆక్సలేట్ కొంత వచ్చినా, దానితో పాటు వచ్చిన నీరు మూత్రాన్ని పలుచన చేసి అంతకు మించిన మేలు చేసి ఉండాలి. మూడు నాలుగు కప్పులు తాగే ఆరోగ్యవంతుడు ఈ వ్యాసం చదివి కప్పు కింద పెట్టనవసరం లేదు.

మరి ప్రమాదం ఎక్కడ? అమెరికాలోని ఆర్కాన్సా రాష్ట్రంలో 2014లో 56 ఏళ్ల వ్యక్తి ఒకరు నీరసమూ, ఒళ్లునొప్పులూ అంటూ ఆసుపత్రికి వచ్చారు. నడుములో నొప్పి లేదు, రాయి లేదు. కానీ క్రియాటినిన్ 4.5 ఉన్నది. మూత్రంలో కాల్షియం ఆక్సలేట్ స్ఫటికాలు విరివిగా కనిపించాయి. మూత్రపిండం నుంచి చిన్న ముక్క తీసి సూక్ష్మదర్శినిలో చూస్తే లోపలంతా అవే స్ఫటికాలు, వాటి చుట్టూ వాపు. కారణం కోసం ఎంతో విచారించిన మీదట, ఆయన రోజుకు పదహారు గ్లాసుల చల్లని నల్లచాయ్ తాగుతారని బయటపడింది. దాదాపు 3.8 లీటర్లు. దాని ద్వారా రోజుకు 1500 మిల్లీగ్రాములకు పైగా ఆక్సలేట్ లోపలికి పోతున్నదని వైద్యులు అంచనా కట్టారు. ఆయన డయాలసిస్ మీద ఆధారపడవలసి వచ్చింది. 2015లో ఒక ప్రసిద్ధ వైద్య పత్రికలో ఈ ఉదంతం అచ్చయింది.

అది అరుదైన ఘటన. అందులో నన్ను కలవరపరచినది గ్లాసుల సంఖ్య కంటే నొప్పి లేకపోవడం. రాయి కేకలు పెట్టించి తన ఉనికిని చాటుతుంది. మూత్రపిండపు కణజాలంలో నేరుగా పేరుకొనే స్ఫటికాలు నిశ్శబ్దంగా పనిచేస్తాయి. ఆకలి మందగించడం, అలసట, పాదాల వాపు, మూత్రం తగ్గడం వంటివి కనిపించే నాటికి నష్టం చాలా జరిగి ఉంటుంది. పేగులో కొంత భాగం తీసివేసినవారు, బరువు తగ్గే శస్త్రచికిత్స చేయించుకున్నవారు, ఏళ్ల తరబడి విరేచనాలతోనో క్లోమపు జబ్బుతోనో బాధపడేవారు, మూత్రపిండాలు అప్పటికే బలహీనపడిన మధుమేహులు ఇలాంటి ముప్పుకు దగ్గరగా ఉంటారు. మొదటి ముగ్గురిలో జీర్ణం కాని కొవ్వు పేగులోని కాల్షియంను పట్టుకుంటుంది, ఆక్సలేట్ స్వేచ్ఛగా దాటిపోతుంది. మధుమేహుల విషయంలో, దాటిన ఆక్సలేట్‌ను బయటికి పంపే శక్తి బలహీనపడిన మూత్రపిండానికి తగ్గి ఉంటుంది. వీరు చిక్కని నల్లచాయ్‌ని ఫ్లాస్కుల లెక్కన తాగరాదు.

దుల్హాభాయ్ సంగతికి వస్తే, శస్త్రచికిత్స జరిగిన ఆరు వారాలకు, అలవాట్లేవీ మార్చవద్దని చెప్పి, ఇరవైనాలుగు గంటల మూత్రపరీక్ష చేయించాము. ఉదయం మొదటి మూత్రాన్ని వదిలివేసి, అక్కడి నుంచి మరునాటి ఉదయం మొదటి మూత్రం దాకా ప్రతి బొట్టునూ ప్రయోగశాల ఇచ్చిన డబ్బాలో పట్టాలి. ఆయనకు ఇది ఎంతమాత్రం నచ్చలేదు. ఫలితం వచ్చింది: మొత్తం మూత్రం 1.1 లీటరు, ఆక్సలేట్ 52 మిల్లీగ్రాములు. రెండు లీటర్ల చాయ్ తాగిన మనిషికి ఒక లీటరు మూత్రమే వచ్చింది. రాయచోటి ఎండకు మిగిలినది చెమటగా పోయింది. చాయ్ కడుపు నింపడం వల్ల దాహం తెలియలేదు, విడిగా నీళ్లు తాగలేదు.

ఆయనకు ఇచ్చిన మార్పులు నాలుగే. మొదటిది, మూత్రం రోజుకు రెండున్నర లీటర్లకు దగ్గరగా వచ్చేటట్లు నీళ్లు తాగడం. ఎన్ని గ్లాసులని లెక్క చెబితే ఎండాకాలంలో ఒకలా, వానాకాలంలో మరొకలా అవుతుంది, అందుకని మూత్రం రంగు చూసుకోమన్నాను. గడ్డి రంగు కన్నా ముదిరితే నీరు చాలలేదని అర్థం. ఇటలీలోనే జరిగి 1996లో వెలువడిన అధ్యయనంలో, మొదటి రాయి తరువాత ఎక్కువ నీళ్లు తాగినవారిలో ఐదేళ్లలో 12 శాతం మందికి, తాగనివారిలో 27 శాతం మందికి మళ్ళీ రాయి వచ్చింది. రెండవది, మధ్యాహ్నమూ రాత్రీ భోజనంలో పెరుగు తిరిగి రావడం. మూడవది, చాయ్ రోజుకు మూడు కప్పులు, అందులో రెండు పాలవి. నాలుగవది, ఉప్పు. ఉప్పు పెరిగినకొద్దీ మూత్రంలో కాల్షియం పెరుగుతుంది, కనుక ఊరగాయ సీసా దస్తర్‌ఖాన్ మీదికి రాకూడదన్నాను. అన్నిటికన్నా ఇదే ఆయనకు కష్టమైంది.

మూడు నెలల తరువాత మళ్ళీ పరీక్ష చేయిస్తే మూత్రం 2.3 లీటర్లు, ఆక్సలేట్ 33 మిల్లీగ్రాములు. ఈ అంకెలను విడివిడిగా కాక కలిపి చూడాలి. మొదట లీటరు మూత్రంలో 47 మిల్లీగ్రాముల ఆక్సలేట్ ఉండేది, ఇప్పుడు 14. ఆక్సలేట్ మూడోవంతుకు పైగా తగ్గింది, నీరు రెట్టింపయింది, చిక్కదనం మూడోవంతుకు పడిపోయింది.

అదే ఇంట్లో, అదే కేత్లీ వల్ల జరుగుతున్న మరొక నష్టం నా కంట పడింది. ఆపా కోడలు అప్పుడు ఆరో నెల గర్భిణి. హిమోగ్లోబిన్ 9.2 ఉన్నది, గర్భిణికి 11 ఉండాలి. మూడు నెలలుగా ఐరన్ మాత్రలు తప్పకుండా వేసుకుంటున్నదట, అయినా అంకె కదలలేదు. డాక్టరమ్మ మాత్ర మార్చి చూశారు. మాత్ర ఎప్పుడు వేసుకుంటావమ్మా అని అడిగాను. “రాత్రి అన్నం తినగానే మామూజాన్, వికారం పోవడానికి పైన కొంచెం చాయ్ తాగుతాను” అన్నది.

నేను ఒక గాజు గ్లాసులో కొద్దిగా నల్లచాయ్ పోయించి, ఆమె ఐరన్ మాత్రను పొడిచేసి అందులో కలిపించాను. ఎర్రని చాయ్ చూస్తుండగానే సిరాలా నల్లబడింది. నిజానికి అది ఒక రకం సిరాయే. పూర్వకాలపు లేఖకులు కరక్కాయ, మాచికాయ వంటి వగరు కాయల కషాయంలో ఇనుప లవణం కలిపి సిరా చేసేవారు. వగరుకు కారణమైన టానిన్లు ఇనుమును గట్టిగా పట్టుకుంటాయి. గ్లాసులో జరిగినదే కడుపులోనూ జరుగుతుంది. టానిన్ పట్టుకున్న ఇనుమును పేగు పీల్చుకోలేదు. చాయ్ తాగిన వెంటనే నాలుక మీద తెలిసే ఆ పొడిదనం కూడా, టానిన్లు లాలాజలంలోని ప్రొటీన్‌ను అలాగే పట్టుకోవడం వల్ల కలిగేదే.

1999లో వెలువడిన ఒక పరిశోధనలో రొట్టె భోజనంతో పాటు నల్లచాయ్ ఇచ్చినప్పుడు, ఆ భోజనంలోని ఇనుము పేగుకు ఎక్కడం 79 నుంచి 94 శాతం వరకు తగ్గింది. చాయ్‌లో పాలు కలిపినా దాదాపు అంతే. ఈ మాట మీద పాఠకులు కాస్త నిలవాలి. ఆక్సలేట్‌కు పాలు విరుగుడు, టానిన్‌కు కాదు. ఇంట్లో మామగారికి చెప్పిన ఉపాయం కోడలికి పనికిరాదు. ఆమెకు కావలసినది వ్యవధి. 2017లో ప్రచురితమైన బ్రిటన్ అధ్యయనంలో, భోజనంతో కలిపి చాయ్ తాగినప్పుడు ఇనుము అందడం సుమారు 37 శాతం తగ్గగా, ఒక గంట ఆగి తాగినప్పుడు ఆ నష్టం సగానికి పడిపోయింది. అంటే గంట సేపు ఆగడం మేలే, రెండు గంటలు ఆగితే ఇంకా మంచిది.

మాంసంలోని ఇనుము వేరే రూపంలో ఉంటుంది, దాని మీద చాయ్ ప్రభావం తక్కువ. పప్పు, ఆకుకూర, రొట్టె, మాత్ర, వీటిలోని ఇనుము మీదనే దెబ్బ. బిర్యానీ తిన్నాక సులేమానీ తాగే మగవాడికి దీనివల్ల వచ్చే లోటు స్వల్పం. పప్పన్నం తిని, ప్రతినెలా రక్తం కోల్పోయే స్త్రీకి, గర్భిణికి, ఎదిగే ఆడపిల్లకు అదే చాయ్ బరువవుతుంది. మన ఇళ్లలో అందరికీ వడ్డించి, ఆఖరున మిగిలిన కూరతో తిని, ఆ వెంటనే అలసట తీరడానికి చాయ్ పెట్టుకొనేది ఎవరో చెప్పనక్కరలేదు.

కోడలికి మాత్ర వేళ మార్చాము. ఉదయం పదకొండు గంటలకు, నాష్తా చాయ్‌కి మూడు గంటలు దాటాక, నిమ్మరసంతో మాత్ర. ఆ తరువాత రెండు గంటల దాకా చాయ్ గానీ పాలు గానీ కాల్షియం మాత్ర గానీ లేదు. నిమ్మలోని విటమిన్ సి ఇనుమును పేగు పీల్చుకొనే రూపంలో నిలుపుతుంది. వికారానికి అల్లం ముక్క. ఐదు వారాలకు హిమోగ్లోబిన్ 10.3 అయింది. మాత్ర అదే, మోతాదు అదే.

రంజాన్ వచ్చేసరికి దుల్హాభాయ్‌కి కొత్త చిక్కు ఎదురైంది. పగలంతా నీరు లేదు. మూత్రపిండ నిపుణుణ్ణి సంప్రదించాము. క్రియాటినిన్ 1.1కి దిగి ఉండటం వల్ల, రాత్రివేళ రెండున్నర లీటర్ల నీరు లోపలికి పోయే షరతు మీద ఉపవాసాలకు అనుమతించారు. క్రియాటినిన్ అలాగే హెచ్చుగా ఉండి ఉంటే అనుమతి వచ్చేది కాదు. ఇఫ్తార్‌లో రెండు గ్లాసులు, తరావీహ్‌కు ముందూ వెనుకా రెండేసి, నిద్రకు ముందు ఒకటి, సహరీలో మూడు, ఇలా పంచుకున్నారు. ఒక్కసారిగా సహరీలోనే లీటరున్నర తాగితే చాలావరకు కొన్ని గంటల్లోనే బయటికి పోతుంది, మధ్యాహ్నానికి మూత్రం మళ్ళీ చిక్కబడుతుంది. చాయ్ తరావీహ్ తరువాత ఒక్క కప్పు, పాలతో. ఇఫ్తార్‌లో ఖాళీ కడుపున చిక్కని సులేమానీ తాగితే టానిన్ వల్ల వికారం కలుగుతుంది. చాలామంది దానిని ఉపవాసపు నీరసం అనుకుంటారు. షాబాన్ చివరి పది రోజులలోనే క్రమంగా తగ్గిస్తూ రావడం వల్ల మొదటి ఉపవాసాల తలనొప్పి కూడా ఆయనకు ఈసారి రాలేదు. ఆ తలనొప్పి ఆకలిది కాదు, అలవాటైన కెఫీన్ ఒక్కసారిగా ఆగిపోవడం వల్ల వచ్చేది.

ఈద్ తరువాత తీసిన స్కానులో కుడి మూత్రపిండంలో 3 మిల్లీమీటర్ల చిన్న రాయి ఒకటి కనిపించింది. పాత స్కాను తీసి చూస్తే అది అప్పుడూ ఉన్నది, అంతే పరిమాణంలో. ఎడమవైపు మీది హడావిడిలో ఎవరూ దానిని పట్టించుకోలేదు. అది పెరగలేదు, కరగనూ లేదు. కాల్షియం ఆక్సలేట్ రాయి మందుతో గానీ నీటితో గానీ కరగదు. కదిలి కిందికి దిగితే ఆ కొలత గలది తనంతట తానే పోవచ్చు. అప్పుడు పట్టుకోవడానికి పలుచని గుడ్డ ఒకటి స్నానాల గదిలో వేలాడదీసి ఉంచమని ఆపాకు చెప్పాను. ఆరు నెలల తరువాత మళ్ళీ స్కాను ఉన్నది. రెండవ ఫ్లాస్కును ఆపా కోడలి గదిలో పెట్టారు, రాత్రివేళ పసిబిడ్డ కోసం వేడినీళ్లు పోసి ఉంచడానికి.